1 + x యూనిట్ అని విలోమం కట్టకుండానే తేల్చడం ఎలా

72తో భాగించినప్పుడు వచ్చే శేషాల రింగ్ Z/72 తీసుకోండి. అందులో 43కి గుణకార విలోమం ఉందా అని అడిగితే, చాలామంది వెంటనే విలోమం కోసం వెతుకులాట మొదలుపెడతారు. యూక్లిడ్ పద్ధతి తీసి, 72ని 43తో భాగించి, శేషంతో మళ్లీ భాగించి, వెనక్కి నడిచి వస్తారు. తప్పేమీ లేదు, జవాబు వస్తుంది. కానీ రింగ్ కొంచెం మారితే, అంటే శేషాలు పోయి భిన్నాలో మాట్రిక్సులో వస్తే, ఆ దారి మూసుకుపోతుంది. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అప్పుడు కూడా పనిచేస్తుంది. దాని కిటుకు ఒక్కటే: విలోమం ఎక్కడుందని అడగకండి, విలోమం లేని మూలకాలు ఎక్కడ ఉంటాయో అడగండి.

తెలుగు మీడియం పుస్తకాల్లో రింగ్‌ని వలయం అంటారు. నేను మాత్రం క్లాసులో అందరం అనే మాటలే వాడతాను: రింగ్, ఐడియల్, యూనిట్. విలోమం ఉన్న మూలకం యూనిట్. చివర్లో ఒక్క చోట తప్ప, ఇక్కడ ప్రతి రింగ్‌లోనూ గుణకారం ఏ వరసలో చేసినా ఒకటే, 1 ఉంటుంది, 1, 0 వేరు వేరు.

ముందు మాక్సిమల్ ఐడియల్స్ రాసుకోండి

ఐడియల్ అంటే కూడికకు మూసుకుని ఉండే సమితి. పైగా దానిలోని మూలకాన్ని రింగ్‌లో దేనితో గుణించినా ఫలితం దానిలోనే పడుతుంది. అందుకే ఐడియల్‌లో ఒక్క యూనిట్ దూరినా చాలు, దాన్ని దాని విలోమంతో గుణిస్తే 1 వస్తుంది, 1 వచ్చిందంటే రింగ్ మొత్తం వచ్చేసినట్టే. రింగ్ మొత్తం కాకుండా, ఇంకాస్త పెంచితే రింగ్ మొత్తమే అయిపోయేంత పెద్ద ఐడియల్‌ని మాక్సిమల్ ఐడియల్ అంటాం.

Z/72లో ఇవి కనుక్కోవడం తేలిక. 72ని భాగించే ప్రధాన సంఖ్యలు 2, 3. కాబట్టి మాక్సిమల్ ఐడియల్స్ రెండే: సరిసంఖ్యలన్నీ ఒకటి, 3 గుణిజాలన్నీ ఇంకొకటి. వాటిని (2), (3) అని రాద్దాం.

ఇప్పుడు అసలు పట్టు. u యూనిట్ కాకపోతే, u గుణిజాలన్నీ కలిసి ఒక ఐడియల్ అవుతాయి. అందులో 1 ఉండదు, ఉంటే u యూనిట్ అయ్యేది. 1 లేని ఏ ఐడియల్‌నైనా పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒక మాక్సిమల్ ఐడియల్ దగ్గర ఆగుతుంది. Z/72 లాంటి పరిమిత రింగ్‌లో ఇది కళ్లకు కనబడే విషయమే. అనంత రింగుల్లో అయితే జోర్న్ లెమ్మా కావాలి. దాన్ని ఇక్కడ ఒప్పేసుకుని ముందుకు వెళ్దాం. అంటే యూనిట్ కాని ప్రతి మూలకం ఏదో ఒక మాక్సిమల్ ఐడియల్‌లో ఉండి తీరాలి. యూనిట్ మాత్రం ఏ ఒక్కదానిలోనూ ఉండదు.

43 సరిసంఖ్య కాదు, 3 గుణిజం కూడా కాదు. ఉన్న రెండు చోట్లా లేదు కాబట్టి యూనిట్. ఇక్కడ విలోమాన్ని మనం ముట్టుకోలేదు, చూశారా.

తర్వాత ఆ ఐడియల్స్ అన్నిటికీ ఉమ్మడి భాగం తీయండి

మాక్సిమల్ ఐడియల్స్ అన్నిటి ఛేదనమే జాకబ్సన్ రాడికల్. దీన్ని J(R) అని రాస్తారు. ఏ రింగ్‌కైనా పనికొచ్చే ఈ రాడికల్‌ని నేథన్ జాకబ్సన్ 1945లో ప్రవేశపెట్టాడు, అందుకే ఆయన పేరు. Z/72లో సరిసంఖ్యా అయ్యి, 3 గుణిజమూ అయినవి 6 గుణిజాలే: 0, 6, 12, 18 అలా 66 వరకు, మొత్తం 12 మూలకాలు.

ఇప్పుడు x ఈ రాడికల్‌లో ఉందనుకోండి. 1 + x యూనిట్ అని చూపాలి. కాదనుకుందాం. అప్పుడు 1 + x ఏదో ఒక మాక్సిమల్ ఐడియల్‌లో ఉండాలి, దాన్ని m అందాం. కానీ x రాడికల్‌లోది, అంటే ప్రతి మాక్సిమల్ ఐడియల్‌లోనూ ఉంది, కాబట్టి ఈ m లోనూ ఉంది. రెండూ m లో ఉంటే వాటి తేడా కూడా m లో ఉండాలి:

(1 + x) − x = 1

m లోకి 1 వచ్చింది. అది కుదరదు. కాబట్టి 1 + x యూనిట్. నిరూపణ ఇంతే.

ఈ నాలుగు వాక్యాల్లో బరువంతా మోసే మాట "ప్రతి". 1 + x ఏ మాక్సిమల్ ఐడియల్‌లో దాక్కుందో మనకు ముందుగా తెలియదు. ఎక్కడ దాక్కున్నా అక్కడ x ముందే కూర్చుని ఉండాలి. అందుకే x ఒకటి రెండు ఐడియల్స్‌లో ఉంటే చాలదు, అన్నిటిలోనూ ఉండాలి. పరీక్షల్లో ఈ నిరూపణ రాసేటప్పుడు చాలామంది "x ఒక మాక్సిమల్ ఐడియల్‌లో ఉంది, 1 + x కూడా ఒక మాక్సిమల్ ఐడియల్‌లో ఉంది" అని రాసి, రెండూ ఒకటే అన్నట్టు తేడా తీసేస్తారు. మార్కులు పోయేది సరిగ్గా అక్కడే.

Z/72లోనే ఆ తప్పు ఏం చేస్తుందో చూడండి. x = 8 తీసుకుంటే అది (2)లో ఉంది, (3)లో లేదు. 1 + 8 = 9. ఇది (3)లో దాక్కుంది, యూనిట్ కాదు. 8ని గుడ్డిగా నమ్మితే ఇలా దెబ్బతింటాం.

x రాడికల్‌లో ఉందో లేదో వెనక నుంచి తేల్చడం

కొన్నిసార్లు మాక్సిమల్ ఐడియల్స్ జాబితా మన చేతిలో ఉండదు. యూనిట్లు ఏవో మాత్రం తెలుసు. అప్పుడు తలకిందులుగా అడగొచ్చా? 1 + x యూనిట్ అయితే x రాడికల్‌లో ఉన్నట్టేనా?

కాదు. x = 4 చూడండి. 1 + 4 = 5, ఇది Z/72లో యూనిట్. కానీ 4ని 3 భాగించదు, కాబట్టి అది రాడికల్‌లో లేదు. ఒక్క 1 + x ని చూసి తీర్పు చెప్పకూడదు. x కి ఉన్న గుణిజాలన్నిటినీ పరీక్షించాలి: రింగ్‌లోని ప్రతి r కి 1 + rx యూనిట్ అయితేనే x రాడికల్‌లో ఉన్నట్టు. 4 విషయంలో r = 2 దగ్గరే బండారం బయటపడుతుంది, 1 + 8 = 9.

ఈ నియమం ఎందుకు నిజం? ఒక దిక్కు మనం చూసేశాం: x రాడికల్‌లో ఉంటే rx కూడా ఉంటుంది, కాబట్టి 1 + rx యూనిట్. రెండో దిక్కుకి, x ఏదో ఒక మాక్సిమల్ ఐడియల్ m బయట ఉందనుకోండి. m కి x ని కలిపితే ఐడియల్ పెరుగుతుంది, m మాక్సిమల్ కాబట్టి రింగ్ మొత్తం అయిపోతుంది. అంటే m లోని ఏదో y కి, రింగ్‌లోని ఏదో s కి 1 = y + sx అని రాయగలం. అప్పుడు 1 − sx = y, ఇది m లో ఉంది, కాబట్టి యూనిట్ కాదు. r = −s పెట్టగానే పరీక్ష ఫెయిల్ అవుతుంది.

చిన్న రింగులకు ఈ పరీక్షని కంప్యూటర్‌కి అప్పగించవచ్చు. పైథాన్‌లో ఐదు వరసలు చాలు:

```
from math import gcd
n = 72
def unit(a): return gcd(a % n, n) == 1
J = [x for x in range(n) if all(unit(1 + r*x) for r in range(n))]
print(J)
```

0 నుంచి 66 వరకు 6 గుణిజాలు 12 వస్తాయి. n మార్చి ఆడుకోండి. n = 30 పెడితే 0 ఒక్కటే మిగులుతుంది, ఎందుకంటే 2, 3, 5 మూడూ భాగించాలంటే 30 గుణిజమే కావాలి, అది ఇక్కడ 0.

విలోమం నిజంగా కావాలంటే

ఉందని తెలిస్తే సరిపోదు, చేతికి కావాలి అనే సందర్భాలూ ఉంటాయి. Z/72లో రాడికల్ మూలకం ఏదైనా 6 గుణిజం, దాని ఘనం 216 గుణిజం. 216 అంటే 72 × 3, అంటే 0. కాబట్టి ప్రతి x కి x³ = 0. ఇలా ఏదో ఒక ఘాతం దగ్గర సున్నా అయిపోయే మూలకాన్ని నిల్‌పొటెంట్ అంటారు. దానికి ఇంటర్‌లో చదువుకున్న గుణశ్రేణి పనికొస్తుంది, అదీ మూడో పదం దగ్గరే ఆగిపోతుంది:

(1 + x)(1 − x + x²) = 1 + x³ = 1

మన 43 అంటే 1 + 42. x = 42, x² = 1764, దాన్ని 72తో భాగిస్తే శేషం 36. విలోమం 1 − 42 + 36 = −5, అంటే 67. సరిచూసుకోండి: 43 × 67 = 2881 = 72 × 40 + 1.

43ని 6తో భాగిస్తే శేషం 1 వచ్చింది కాబట్టి సరిపోయింది. శేషం 1 కాకపోతే? 11 తీసుకుందాం. 6తో భాగిస్తే శేషం 5. మొదట ఆ చిన్న లెక్కలో విలోమం వెతకండి: 6 శేషాల్లో 5 × 5 = 25, శేషం 1. కాబట్టి 11ని 5తో గుణిస్తే 55, అంటే 1 + 54 రూపంలోకి వచ్చింది. x = 54, x² = 2916, శేషం 36. 55కి విలోమం 1 − 54 + 36 = −17, అంటే 55. దాన్ని మళ్లీ 5తో గుణిస్తే 275, శేషం 59. ఇదే 11కి విలోమం: 11 × 59 = 649 = 72 × 9 + 1.

ఇప్పుడు చేసింది ఈ ఒక్క లెక్కకే పరిమితం కాదు. రాడికల్‌ని సున్నా అనుకుని, అంటే R/J(R)లో, u యూనిట్ అయితే, అసలు రింగ్‌లోనూ u యూనిట్ అవుతుంది. అక్కడ దొరికిన విలోమం v ని ఇక్కడికి తెస్తే uv సరిగ్గా 1 కాకపోవచ్చు, రాడికల్‌లోని కొంచెం తేడాతో 1 + j అవుతుంది. 1 + j యూనిట్ అని మనకు తెలుసు కాబట్టి దానితో భాగించి సరిచేస్తాం. Z/72లో యూనిట్లు లెక్కపెట్టడం కూడా దీనితో అయిపోతుంది: 6 శేషాల్లో యూనిట్లు 1, 5 రెండే, ఒక్కో దానికి పైన 12 మూలకాలు, మొత్తం 24.

లోకల్ రింగ్ అయితే పని సగానికి తగ్గుతుంది

మాక్సిమల్ ఐడియల్ ఒక్కటే ఉన్న రింగ్ లోకల్ రింగ్. ఉన్నది ఒక్కటే కాబట్టి ఛేదనం అక్కర్లేదు, ఆ ఐడియలే రాడికల్. యూనిట్ కానివన్నీ ఆ ఒక్క చోటే ఉంటాయి. కాబట్టి లోకల్ రింగ్‌లో నియమం ఇంకా బలంగా ఉంటుంది: యూనిట్ కాని దేనికి 1 కలిపినా యూనిట్ వస్తుంది. జర్మన్ గణితవేత్త వోల్ఫ్‌గాంగ్ క్రుల్ 1938లో వీటి మీద రాసినప్పుడు జర్మన్‌లో వేరే పేరు పెట్టాడు, లోకల్ అన్న మాట తర్వాత స్థిరపడింది.

రింగ్ లోకలా కాదా తేల్చడానికి యూనిట్ కాని రెండిటిని కలిపి చూడండి. అలాంటి ఏ రెండిటి మొత్తమూ యూనిట్ కాకపోతేనే లోకల్. Z/72లో 8, 9 రెండూ యూనిట్లు కావు, కానీ 8 + 9 = 17 యూనిట్. కాబట్టి లోకల్ కాదు. Z/8 లోకల్, Z/9 లోకల్. నిజానికి Z/72 ఆ రెండూ పక్కపక్కన పెట్టినదే.

శేషాల ఉదాహరణల్లో ఒక ప్రమాదం ఉంది. రాడికల్ మూలకాలన్నీ నిల్‌పొటెంట్ అయిపోయి, గుణశ్రేణి ఆగిపోతుంది కాబట్టే 1 + x యూనిట్ అయిందన్న అభిప్రాయం మనసులో నాటుకుంటుంది. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. అది పోవాలంటే ఈ రింగ్ చూడాలి: హారాన్ని 5 భాగించని భిన్నాలన్నీ. దీన్ని Z_(5) అని రాస్తారు. 7/3 ఇందులో ఉంది, 3/10 లేదు. రెండు భిన్నాలు కలిపినా గుణించినా హారంలోకి 5 రాదు కాబట్టి ఇది రింగే. సంక్షిప్తం చేశాక లవాన్ని 5 భాగించకపోతే భిన్నం తలకిందులు చేయొచ్చు, యూనిట్. భాగిస్తే కాదు. యూనిట్ కానివి 5 గుణిజాలు, వాటిని కలిపినా 5 గుణిజమే, కాబట్టి లోకల్.

x = 5 తీసుకోండి. 5ని ఎన్నిసార్లు గుణించినా సున్నా కాదు. కానీ 1 + 5 = 6, దాని విలోమం 1/6, హారంలో 5 లేదు, ఈ రింగ్‌లోనే ఉంది. గుణశ్రేణి 1 − 5 + 25 − 125 ఎక్కడా ఆగదు. దాని పాక్షిక మొత్తాలు 1, −4, 21, −104. వాటిని 6తో గుణిస్తే 6, −24, 126, −624. 1తో తేడాలు 5, −25, 125, −625. తేడా సైజు పెరుగుతున్నట్టు కనిపిస్తున్నా, 5 ఘాతం పెరుగుతోంది. 5తో భాగింపు లెక్కన చూస్తే ఇవి 1/6 వైపు నడుస్తున్నాయి, కానీ ఎప్పటికీ చేరవు. విలోమం ఉందని మనకు హామీ ఇచ్చింది శ్రేణి కాదు, 6 దాక్కోవడానికి చోటు లేకపోవడం. నిల్‌పొటెంట్ మూలకాలన్నీ రాడికల్‌లో ఉంటాయి, అంతవరకు నిజం. రాడికల్‌లో ఉన్నవన్నీ నిల్‌పొటెంట్ కావు.

ఎక్కడ పనికొస్తుంది

Z_(5) లో మాట్రిక్స్ ఒకటి ఇచ్చారనుకోండి, మొదటి వరస 6, 10, రెండో వరస 15, −4. విలోమం ఉందా? 5 గుణిజాలు సున్నా అనుకుంటే వికర్ణంలో 1, 1 మిగులుతాయి, మిగతావి పోతాయి. కాబట్టి డిటర్మినెంట్ 1 + 5 గుణిజం రూపంలో ఉండాలి. నిజంగానే −24 − 150 = −174 = 1 − 175. యూనిట్, విలోమం ఉంది. మామూలు పూర్ణాంకాల రింగ్ Z లో ఇదే మాట్రిక్స్‌కి విలోమం లేదు, ఎందుకంటే అక్కడ ±1 మాత్రమే యూనిట్లు. Z లో రాడికల్ సున్నా ఒక్కటే: ప్రతి ప్రధాన సంఖ్యా భాగించే పూర్ణాంకం 0 తప్ప ఇంకోటి లేదు.

నకయామా లెమ్మా వెనక ఉన్నది సరిగ్గా ఈ డిటర్మినెంటే. పరిమిత సంఖ్యలో జనకాలతో పుట్టిన మాడ్యూల్ M కి J·M = M అయితే M సున్నా అని అది చెబుతుంది. జనకాలు రెండు ఉన్నాయనుకుందాం, a, b. M మొత్తం J·M లోనే ఉంది కాబట్టి a ని, b ని మళ్లీ a, b లతోనే, J లోని గుణకాలతో రాయగలం. అన్నీ ఒక పక్కకు తెస్తే గుణకాల మాట్రిక్స్ I − X అవుతుంది, X లో ప్రతి అంకె J లోది. దాని డిటర్మినెంట్ విప్పితే 1 + J లోని ఏదో ఒకటి. అది యూనిట్, మాట్రిక్స్‌కి విలోమం ఉంది, కాబట్టి a = 0, b = 0.

జనకాలు పరిమితంగా ఉండాలన్న షరతుని వదిలేయకండి. Z_(5) మీద అకరణీయ సంఖ్యలన్నిటినీ, అంటే Q ని, మాడ్యూల్‌గా చూడండి. ఏ భిన్నాన్నైనా 5తో భాగించవచ్చు కాబట్టి 5Q = Q. కానీ Q సున్నా కాదు. పరిమిత జనకాలు లేకపోతే రాసుకోవడానికి మాట్రిక్సే ఉండదు, డిటర్మినెంట్ సంగతి తర్వాత.

గుణకారంలో వరస మారితే ఫలితం మారే రింగులు, ఉదాహరణకి మాట్రిక్సుల రింగులు, వచ్చినప్పుడు రాడికల్‌ని మాక్సిమల్ ఎడమ ఐడియల్స్ ఛేదనంగా తీసుకుంటారు. పై వాదన అప్పుడు 1 + x కి ఎడమ విలోమం y మాత్రమే ఇస్తుంది: y(1 + x) = 1. ఇక్కడితో ఆపేస్తే పని సగమే అయినట్టు. y = 1 − yx అని రాయండి. yx కూడా రాడికల్‌లోనే ఉంది, కాబట్టి అదే వాదనతో y కి కూడా ఎడమ విలోమం ఉంది. y కి కుడివైపు 1 + x ఎలాగూ విలోమంగా ఉంది. రెండు వైపులా విలోమాలుంటే అవి ఒకటే అవ్వాలి, అంటే y యూనిట్, దాని విలోమమైన 1 + x కూడా యూనిట్.